తేరిన నీళ్లు: మనవరాలికి ఒక ఉత్తరం

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వడిగిన మాటకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "నానమ్మా, రెసిలియన్స్‌ని తెలుగులో ఏమంటారు? ఇంట్లో జరిగిన కథ ఒకటి చెప్పి ఆ మాటను వివరించమన్నారు మా మేడమ్" అన్నావు. నేను ఆలోచించే లోపలే వెనక నుంచి మీ నాన్న "స్థితిస్థాపకత అని రాసేయ్" అని అరిచాడు. ఆ మాట వాడు ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకంలో చదువుకున్నాడు. రబ్బరును లాగి వదిలితే మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది కదా, ఆ గుణం పేరది. రబ్బరుకి ఆ మాట సరిపోతుంది. మనుషుల విషయంలో మాత్రం నాకు నచ్చలేదు. వదిలేయగానే మొదటిలా అయిపోయిన మనిషిని నేను నా అరవై ఎనిమిదేళ్లలో ఒక్కరినీ చూడలేదు.

రెండు రోజులు ఆలోచించాను. మనం రోజూ అనే మాటే ఒకటుంది, తేరుకోవడం. "జ్వరం నుంచి తేరుకున్నాడు", "ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు" అంటాం. ఇదే మాటను నీళ్లకీ వాడతాం. వానాకాలంలో కాలవనీళ్లు బిందెలో పడితే ఎర్రగా, చిక్కగా ఉంటాయి. కదపకుండా ఉంచితే మట్టి అడుగుకి చేరి, పైన తేటనీరు నిలుస్తుంది. అప్పుడు నీళ్లు తేరాయంటాం. ఒకే మాట మనిషికీ నీళ్లకీ ఎందుకొచ్చిందో నాకు మన పొలం దగ్గర తెలిసింది. అదే నీకు రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, ఏమనుకోకు. మీ మేడమ్‌కి కావలసిన పేజీ నువ్వే ఏరుకో.

నాకు 1975లో పెళ్లయి ఈ ఊరొచ్చాను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది కదా, ఆ రెండు పాయల మధ్య నేలే దివిసీమ. మన ఊరు కోడూరు దాటి సముద్రం వైపు. అప్పట్లో మనకి రెండున్నర ఎకరాలు. మసూరి వేస్తే ఎకరానికి ఇరవై, ఇరవై రెండు బస్తాలు పండేది. బస్తా అంటే డెబ్భై అయిదు కిలోలు.

1977 నవంబరు 19, శనివారం. నాగులచవితి వెళ్లి వారం కూడా కాలేదు. చేలన్నీ కోతకొచ్చి ఉన్నాయి. ముందు రోజు నుంచే గాలి. ఆ రోజు సాయంత్రానికి ఇంటికప్పు మీద తాటాకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే, ఊళ్లో ఉన్న ఒక్క డాబా ఇంటికి అందరం పరిగెత్తాం. మీ తాతయ్య, నేను, మా అత్తయ్య అంటే నీకు తాతమ్మ, మామగారు. సగం దారిలో మామగారు వెనక్కి తిరిగి కొట్టం వైపు వెళ్లారు. గేదెలు రెండూ కట్టేసి ఉన్నాయి. ఆయన మళ్లీ రాలేదు. ఉప్పెన నీళ్లు కాలవ పొంగినట్టు మెల్లగా రాలేదు, గోడ కదిలొచ్చినట్టు వచ్చాయి. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయను. దివిసీమలో వేలమంది పోయారు. ఆ రాత్రి గురించి అందరూ చెబుతారు, తర్వాతి మూడేళ్ల గురించి ఎవరూ అడగరు. నేను చెప్పాలనుకున్నది ఆ మూడేళ్ల సంగతి.

పెద్దనీళ్లు తీసిపోయినా పల్లపు చేలల్లో సముద్రపు నీళ్లు నిలబడిపోయాయి. మురుగు కాలవలు చెట్లతో, ఇళ్లకప్పులతో, చెప్పకూడని వాటితో పూడుకుపోయాయి. నీళ్లు పోయే దారి లేదు. ఎండకి ఆవిరవ్వడమే. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఎక్కడికి పోతుంది? చాలా ఏళ్ల తర్వాత మీ నాన్న కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉంటుందట. ఎకరం నేల మీద ఆరంగుళాల నీళ్లు ఎండిపోతే మిగిలే ఉప్పు ఇంచుమించు ఇరవై టన్నులు. రెండు లారీల ఉప్పు ఒక్క ఎకరంలో ఒంపినట్టు. ఆ లెక్క ఆనాడే తెలిసి ఉంటే మేం ఆ పొలం జోలికి వెళ్లేవాళ్లం కాదేమో. తెలియకపోవడమే మంచిదైంది.

తాతమ్మ సంగతి చెప్పాలి. మామగారు పోయిన మూడోరోజు నుంచే ఆవిడ లేచి తిరిగింది. సహాయం కింద వచ్చిన బియ్యం వండింది. ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టింది. పిల్లల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల పక్కన పడుకుంది. ఆవిడ కంట్లో నీటిచుక్క ఎవరూ చూడలేదు. "రాయిలాంటి మనిషి, ఎంత తొందరగా తేరుకుందో" అని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇరవై ఏళ్లదాన్ని, ఆవిణ్ణి చూసి నాకు సిగ్గేసేది కూడా.

సంక్రాంతి వెళ్లాక మీ తాతయ్య చేను దున్ని, సహాయంగా వచ్చిన మినుములు చల్లారు. నేల చూస్తే చాలా బాగుంది. పొడిపొడిగా, దున్నితే పిండిలా విడిపోతోంది. మా జిగట నల్లరేగడి అంత గుల్లగా దున్నడం ఎప్పుడూ ఎరగం. సముద్రం మేలే చేసిందన్నవాళ్లు కూడా ఉన్నారు. మినుములు అక్కడక్కడా మొలిచాయి. రెండాకులేసి, కొసలు ఎండి, వారం పదిరోజుల్లో మాడిపోయాయి. తడి ఉంది, కానీ మొక్క ఆ తడిని తాగలేకపోయింది. ఊరగాయ జాడీలో ఉప్పేస్తే ముక్కలో నీరు బయటికి వచ్చేస్తుందే, అదే పని నేలలో వేరుకి జరిగింది.

ఇక ఎండాకాలం వచ్చింది. కాలవ కట్టేశారు. ప్రతి ఏడూ కట్టేస్తారు, జూన్‌లో కాని వదలరు. మార్చి నెలాఖరుకి పొద్దున్నే చూస్తే చేను మీద తెల్లగా ముగ్గుపిండి చల్లినట్టుండేది. దీన్ని పాలచౌడు అంటారు. పైన ఉప్పు గీకి పారబోస్తే అయిపోతుందని మేం గీకాం. తట్టలకొద్దీ గీకి గట్టు అవతల పోశాం. పదిరోజులకి మళ్లీ తెల్లబడింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. దీపంలో ఒత్తి నూనెను పైకి పీల్చుకుంటుంది చూడు, పైన మంట ఉన్నంతసేపూ కింద నుంచి నూనె ఎక్కుతూనే ఉంటుంది. ఎండకి ఎండుతున్న నేల కూడా అంతే. కిందున్న ఉప్పునీటిని పైకి పీలుస్తూనే ఉంటుంది. నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. బీడు వదిలిన చేను ఎండాకాలంలో తనంతట తనే ఉప్పు తోడుకుంటుంది. మేం గట్టు అవతల పోసిందేమో మొదటి వానకి తిరిగి మా చేలోకే వచ్చింది. ఆ ఎండల్లో రెండు నెలలు నడుం విరగ్గొట్టుకున్నది ఇందుకా అని ఇప్పటికీ నాకు ఉక్రోషం.

మే నెలలో గ్రామసేవక్ గారు వచ్చారు. అప్పట్లో వ్యవసాయశాఖ తరఫున ఊళ్లు తిరిగేవాళ్లని అలాగే పిలిచేవాళ్లం. మట్టి రెండు లోతుల్లో తీసి పరీక్షకు పంపారు. ఆ కాగితం వచ్చేదాకా ఆగకుండా మా అరుగు మీద కూర్చుని ఒక పని చేసి చూపించారు. గాజుగ్లాసు అడిగారు. మా ఇంట్లో ఏదీ మిగల్లేదు, పక్కూరి టీకొట్టు నుంచి తెచ్చారు. అందులో మంచినీళ్లు పోసి, మా చేను మట్టి గుప్పెడు వేసి, పుల్లతో బాగా కలిపి పక్కన పెట్టారు. మాట్లాడుతూ టీ తాగే లోపల మట్టంతా కిందకి దిగిపోయి, పైన నీళ్లు అద్దంలా తేరిపోయాయి.

నేను సంతోషించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇంత తొందరగా తేరకూడదమ్మా, ఉప్పుంటేనే ఇలా తేరుతుంది" అన్నారు. బంకమట్టి రేణువులు మంచినీళ్లలో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయట. నీళ్లలో ఉప్పుంటే ఆ తోపుడు తగ్గి, ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి మునిగిపోతాయట. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు సముద్రపు నీళ్లు తగలగానే దిగిపోయేది కూడా కొంత ఇందువల్లేనని, మన దివిసీమ నేల అలా పేరుకున్నదేనని ఆయనే చెప్పారు. మా చేను పిండిలా విడిపోవడానికి కారణం కూడా ఉప్పే. బాగుందని మురిసిపోయిన గుణమే రోగలక్షణం.

నేల కడగాలన్నారు. ఎలా కడిగామో కాస్త వివరంగా రాస్తాను, మీ సిటీలో ఎవరూ చెప్పరు.

ముందు రెండున్నర ఎకరాలనీ చిన్న చిన్న మడులు చేశాం, ఒక్కోటి పది పన్నెండు సెంట్లు. పెద్ద మడిలో నీళ్లు పల్లానికే చేరతాయి, మెరకలో ఉప్పు అలాగే ఉండిపోతుంది. గట్లు మోకాటి ఎత్తు పోసి తొక్కి గట్టిచేశాం. ఎండ్రకాయ బొక్కలన్నీ వెతికి పూడ్చాం. మడికి ఒకవైపు నీళ్లొచ్చే బోదె, రెండోవైపు నీళ్లు పోయే మురుగు. ఈ మురుగు దగ్గరే ఊళ్లో పెద్ద గొడవైంది. మా చేను కడిగిన ఉప్పునీళ్లు కింది వాళ్ల చేలోకి పోతాయి. వాళ్లది కడిగితే ఇంకా కిందకి. కర్రలు తీసుకునేదాకా వచ్చింది. ఆఖరికి పద్నాలుగు ఇళ్లవాళ్లం కలిసి, చేల వెంబడి మురుగు కాలవ దాకా నడుములోతు కోడు తవ్వాం. ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ కోడు లేకపోతే ఎవరి చేనూ బాగుపడేది కాదు. ఎవడి ఉప్పు వాడు పక్కవాడి మీదకి తోసుకుంటూ కూర్చునేవాళ్లం.

జూన్‌లో కాలవనీళ్లు వచ్చాయి. పులిగడ్డ ఆక్విడెక్టు మీదుగా నది దాటి మనకి చేరేవి ఆ నీళ్లే. మన వంతు చాలాసార్లు రాత్రిపూట పడేది. మడిలో నాలుగంగుళాలు నీళ్లు పెట్టి, నాగలితో నీళ్లలోనే దున్ని కలియబెట్టాలి. రెండు రోజులు అలా ఉంచాలి. మట్టి కిందకి దిగి, నీళ్లు తేరాక గట్టు తెంచి కోడులోకి వదిలేయాలి. మళ్లీ పెట్టాలి. వదిలే ముందు నేను వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేదాన్ని. మొదటిసారి నీళ్లు నోట పెట్టలేనంత కటికుప్పు. మూడోసారికి పప్పుచారంత. అయిదోసారికి కొద్దిగా ఉప్పగా. ఇదేం శాస్త్రం కాదు. నాలికకి ఉప్పు తెలియనంత తగ్గినా వరి నారుకి అది ఎక్కువే కావచ్చని గ్రామసేవక్ గారు హెచ్చరించారు. కానీ కడుగుడు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మాకున్న కొలత నాలికే. మధ్యలో చేను ఆరనివ్వకూడదు, ఆరితే ఒత్తి మళ్లీ వెలిగినట్టే. వంతు తప్పిపోయిన ఒకసారి అలాగే అయి రెండు కడుగుళ్ల పని వృథా అయింది.

ఆరుసార్లు కడిగి ఆగస్టులో ఊడ్చాం, అంటే నాట్లేశాం. నారు మన చేలో పోయలేదు. పైఊళ్లో మా పుట్టింటివాళ్ల మంచి నేలలో పోయించి, అయిదు వారాలు దాటిన ముదురు నారు తెప్పించాం. లేతనారు ఉప్పుకి ఓర్చలేదు. కుదురుకి మూడు మొక్కలు పెట్టేచోట ఆరు పెట్టాం. పోయినవి పోగా మిగలాలని. అయినా అక్కడక్కడా గుండు గీసినట్టు ఖాళీలు పడ్డాయి. ఆ ఏడు ఎకరానికి అయిదు బస్తాలు. సగం తాలు.

ఇప్పుడు అసలు సంగతి. కడుగుతున్నప్పుడే, అయిదో ఆరో సారి, నీళ్లు సరిగా తేరడం మానేశాయి. రెండు రోజులు ఆగినా పాలలాగే. ఓపిక లేక అలాగే వదిలేశాం. నీళ్లతో పాటు మట్టే పోయింది. కోతలయ్యాక చేను ఆరితే పెంకులా బిగిసి నెర్రెలిచ్చింది. తడిస్తే జిగురు, ఆరితే ఇటుక. వాన పడితే నీళ్లు ఇంకవు, పైనే నిలిచిపోతాయి. నేను మళ్లీ గాజుగ్లాసు తీసి మట్టి కలిపి అరుగు మీద పెట్టాను. అప్పటికి సొంతంగా ఒకటి కొనుక్కున్నాం. రాత్రి పడుకునేముందు చూశాను, మడ్డిగానే ఉంది. తెల్లారి లేచేసరికి తాతమ్మ ఆ గ్లాసు ముందు కూర్చుని ఉంది.

"ఇంకా తేరలేదే అమ్మాయ్" అంది.

"లేదత్తయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గ్లాసు వైపు చూస్తూనే, "మీ మామని కొట్టం దగ్గరికి పంపింది నేనే" అంది. "గేదెలు కట్టేసే ఉన్నాయి, పోయి విప్పి రా అని నేనే అన్నాను. ఆయన వద్దులేవే అంటే, పాలిచ్చే గొడ్లండీ అని కసిరాను." అప్పుడు ఏడ్చింది. పద్నాలుగు నెలల తర్వాత. ఆ ఏడుపు ఆ పూటతో ఆగలేదు. నెలా రెండు నెలలు వంట చేయలేదు, జుట్టు దువ్వుకోలేదు, ఎవరొచ్చినా లేచేది కాదు. ఊరు మళ్లీ ఓ మాట అనుకుంది, ఇన్నాళ్లూ బాగానే ఉన్న మనిషికి ఇప్పుడేమైందని. మీ తాతయ్య భయపడి డాక్టర్‌కి చూపిద్దామన్నారు. నాకెందుకో భయం వేయలేదు. ఎందుకో అప్పుడు నేను చెప్పగలిగేదాన్ని కాదు.

గ్రామసేవక్ గారు మా గ్లాసు చూసి, ఈసారి కంగారు పడలేదు. ఉప్పు పోయింది, దానిలో ఒక భాగం మాత్రం మట్టి రేణువులని అంటిపెట్టుకుని ఉండిపోయిందన్నారు. దాని పేరు సోడియం. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా అది వదలదు. ఉప్పునీరు చుట్టూ ఉన్నంతకాలం రేణువులు ముద్దగా ఉన్నాయి, ఆ నీరు పోయాక ఈ సోడియం వాటిని విడదీసి బురద చేస్తోంది. ఇలాగే వదిలేస్తే కారుచౌడు అవుతుందన్నారు. పాలచౌడు నీళ్లకి పోతుంది, కారుచౌడు పోదు. ఆయన జేబులోంచి పొట్లం తీసి, చిటికెడు తెల్లపొడి మా మడ్డిగ్లాసులో వేసి కలిపారు. జిప్సం. బిందెలో పటిక తిప్పినట్టే, కాసేపటికి మట్టి కూడగట్టుకుని కిందకి దిగింది. జిప్సంలో ఉన్న కాల్షియం వెళ్లి మట్టిని పట్టుకుని, సోడియాన్ని వదిలిస్తుంది. వదిలిన సోడియాన్ని మళ్లీ నీళ్లతో కడిగి బయటికి పంపాలి. జిప్సం వేసి కడగకపోతే అది అక్కడే ఉంటుంది. నిజానికి మొదటి ఏడే, కడగడానికి ముందే జిప్సం వేసి ఉండాల్సిందని కూడా చెప్పారు. ముందు చెప్పలేదేమని అడగబోయి ఊరుకున్నాను. ఆ ఏడు జిప్సం మా ఊరిదాకా వచ్చే దారి ఎక్కడుంది?

ఎకరానికి టన్ను చొప్పున అన్నారు. రెండున్నర ఎకరాలకి యాభై కిలోల బస్తాలు యాభై కావాలి. నా చేతిగాజులు రెండు అమ్మితే నలభై బస్తాలు వచ్చాయి, బండి కూలితో సహా. పల్లపు అర ఎకరాన్ని వదిలేసి, పై రెండెకరాలకి వేశాం. తర్వాత వేద్దాంలే అనుకున్నాం.

1979 మే నెలలో మళ్లీ పెద్ద తుఫాను వస్తోందన్నారు. ఈసారి ముందే హెచ్చరించి ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. మేం మూటలు కట్టుకుంటుంటే తాతమ్మ కనపడలేదు. చూస్తే కొట్టంలో ఉంది. కొత్తగా కొన్న గేదె పలుపు విప్పి, మెడలో తాడు కూడా తీసేసి, వీపు మీద తట్టి కరకట్ట వైపు తోలుతోంది. తుఫాను ఒంగోలు వైపు దాటింది. మనకి వాన మాత్రం దంచి కొట్టింది. ఆ వాన మా జిప్సం మీద పడటం మా అదృష్టం, కాలవ రాకముందే ఒక కడుగుడు అయిపోయింది. గేదె కూడా నాలుగో రోజుకి దానంతట అదే ఇంటికొచ్చింది.

జూన్‌లో పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లాం, ఎకరానికి పన్నెండు కిలోలు. జనుము ఎందుకు కాదంటే అది ఉప్పుకి తట్టుకోలేదు, నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. జీలుగ రెండింటికీ ఓర్చుకుంటుంది. పైగా దాని వేరు ఆ ఇటుకలాంటి నేలని తొలుచుకుని కిందకి పోతుంది, ఆ దారినే నీళ్లు ఇంకుతాయి. నలభై అయిదు రోజులకి నా భుజం దాకా పెరిగి పూతకొచ్చింది. పచ్చగా ఉండగానే నీళ్లు పెట్టి దమ్ములో తొక్కేశాం. ఇంకొంచెం ఆగితే కాడ ముదిరిపోయి కుళ్లదు. కుళ్లుతున్నప్పుడు వచ్చే కంపు గురించి మీ నాన్న ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు, ఆ కంపు వాడికేం తెలుసు, వాడప్పటికి పుట్టలేదు. జీలుగ కుళ్లిన చేలో అడుగుపెడితే నేల మళ్లీ మెత్తగా, కాలి కింద నలిగేలా తగిలింది.

ఆ ఏడు పదమూడు బస్తాలు. 1980లో పంతొమ్మిది. ఇరవై రెండు మళ్లీ ఎప్పుడు పండిందో నాకు గుర్తు లేదు, అప్పటికి విత్తనమే మారిపోయింది.

జిప్సం వేయని ఆ పల్లపు అర ఎకరం మాత్రం తేరుకోలేదు. తర్వాత వేద్దామన్న జిప్సం అప్పులూ మీ నాన్న పుట్టడమూ పడి నాలుగేళ్లు ఆగింది. వేశాక కూడా అక్కడ మురుగు సరిగా పోదు, కాబట్టి వదిలిన సోడియం పోయే దారి లేదు. ఇప్పటికీ అక్కడ వరి పెట్టం. జీలుగ వేసి విత్తనం కట్టుకుంటాం. ఊళ్లో వాళ్లు ఆ విత్తనానికి మన దగ్గరికే వస్తారు. పక్క చేలు రొయ్యల చెరువులయ్యాయి, మేం మూడేళ్లు కష్టపడి వెళ్లగొట్టిన ఉప్పునీళ్లని వాళ్లు మోటార్లు పెట్టి తోడుకుంటున్నారు. ఆ చెరువుల ఊట మన గట్టు దాకా వస్తోంది. ఈ గొడవ నీ వ్యాసానికి అక్కర్లేదులే.

తాతమ్మ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది. ఆ మడ్డి రోజుల తర్వాత లేచింది, మళ్లీ వండింది, మీ నాన్నని చంకనేసుకుని ఊరంతా తిరిగింది. కానీ నేను పెళ్లయి వచ్చినప్పటి అత్తయ్య కాదు. మునుపటిలా గట్టిగా అరిచేది కాదు. ఒకప్పుడు ఎవరైనా పోయిన ఇంటికి వెళితే ఏడవద్దని చెప్పేది, తర్వాత వెళ్లి ఊరికే పక్కన కూర్చునేది. ఇంట్లో గొడ్డుని రాత్రిళ్లు కట్టేయనిచ్చేది కాదు. దానివల్ల రెండుసార్లు పక్కవాళ్ల చేలో పడి మేసి, తగువులయ్యాయి. మీ తాతయ్య ఎంత చెప్పినా వినలేదు. మీ నాన్న చెప్పిన రబ్బరు మాట ఇందుకే నాకు ఎక్కలేదు.

దసరా సెలవులకి వస్తానన్నావుగా. మన పై చేను మట్టి, పల్లపు అర ఎకరం మట్టి విడివిడిగా తీసి ఉంచుతాను. రెండూ నీ చేత్తోనే కలిపి అరుగు మీద పెట్టి చూద్దువుగాని, ఏది ఎప్పటికి తేరుతుందో. వచ్చేటప్పుడు రెండు గాజుగ్లాసులు తీసుకురా. ఇంట్లో ఉన్నవన్నీ స్టీలువే.

మీ నానమ్మ